రెండు వైర్ల మీద కారు ముచ్చట్లు

చాలా చిన్న కార్లలో ఇప్పుడు ఇంజిన్ టెంపరేచర్ చూపే ముల్లు ఉండడం లేదు. బండి స్టార్ట్ చేయగానే ఒక నీలి దీపం వెలుగుతుంది, ఇంజిన్ వేడెక్కాక ఆరిపోతుంది. ఆ తర్వాత మళ్లీ కబురు తెలిసేది ఎర్ర దీపం వెలిగినప్పుడే. ఈ రెంటికీ మధ్య కూలెంట్ 85 డిగ్రీల దగ్గర నిలకడగా ఉందో, 108కి ఎగబాకిందో డ్రైవరుకు తెలిసే దారి లేదు. మే నెలలో నలుగురిని ఎక్కించుకుని, ఏసీ వేసుకుని శ్రీశైలం ఘాట్ ఎక్కేవారికి ఆ తేడా చిన్నదేమీ కాదు.

అలాగని ఆ అంకె కారులో లేకపోలేదు. కూలెంట్ పారే చోట సెన్సర్ ఉంది. ఇంజిన్‌ను నడిపే కంట్రోల్ మాడ్యూల్, అంటే మెకానిక్కులు ఈసీయూ అనేది, ఆ సెన్సర్‌ను ఎప్పటికప్పుడు చదువుతూనే ఉంటుంది. రేడియేటర్ ఫ్యాన్ ఎప్పుడు తిప్పాలో, పెట్రోలు ఎంత చిమ్మాలో తేల్చుకునేది ఆ వేడిని బట్టే. చూపించే మీటరే లేదు. ఆ మీటరును ఒక ఆర్డుయినో బోర్డు, ఒక క్యాన్ మాడ్యూల్, ఒక చిన్న డిస్‌ప్లేతో మనమే కట్టుకోవచ్చు. కొత్త సెన్సర్ బిగించే పని లేదు, ఇంజిన్ దగ్గర వైరు కోసే పని లేదు. మాడ్యూళ్లు తమలో తాము మాట్లాడుకునే లైన్ ఒకటి కారంతా పరుచుకుని ఉంది. దాని పేరు క్యాన్ బస్.

ఆ లైన్‌లో కలవడం తేలిక. అయితే కలిసిన మరుక్షణం నుంచి మీ గేజ్ కూడా అక్కడ మాటున్న సభ్యుడే అవుతుంది. ఊరికే విందామని కూర్చున్న బోర్డు కూడా మిగతావారి మాటను చెడగొట్టగలదు. అది ఎలా జరుగుతుందో తెలిసినవారికి గేజ్ కట్టడం ఒక ఆదివారం పని. తెలియనివారికి డ్యాష్‌బోర్డు మీద ఉన్న దీపాలన్నీ ఒకేసారి వెలుగుతాయి.

పేరు పెట్టి పిలవని సంభాషణ

1980ల దాకా కారులో ప్రతి సిగ్నల్‌కూ విడి వైరే. టెంపరేచర్ ఈసీయూకి కావాలంటే ఒక వైరు, మీటరుకు కావాలంటే ఇంకో వైరు, కొన్నిసార్లు ఇంకో సెన్సర్ కూడా. ఎలక్ట్రానిక్స్ పెరిగేకొద్దీ వైరింగ్ కట్ట లావెక్కింది, బరువెక్కింది, ఎక్కడ తెగిందో వెతకడం కష్టమైంది. జర్మనీకి చెందిన బాష్ కంపెనీ 1983లో ఈ సమస్య మీద పని మొదలుపెట్టి, 1986లో అమెరికాలోని డెట్రాయిట్‌లో జరిగిన ఆటోమొబైల్ ఇంజినీర్ల సదస్సులో క్యాన్‌ను ప్రకటించింది. 1990ల తొలినాళ్లలో మెర్సిడెస్ ఎస్-క్లాస్ వంటి పెద్ద కార్లలోకి వచ్చిన ఆ పద్ధతి ఇప్పుడు హ్యాచ్‌బ్యాక్‌లలోనూ ఉంది.

మనకు అలవాటైన నెట్‌వర్క్‌లలో పంపినవారి చిరునామా, అందుకునేవారి చిరునామా రెండూ ఉంటాయి. క్యాన్‌లో రెండూ ఉండవు. ప్రతి సందేశానికీ ముందు ఒక నంబరు ఉంటుంది, దాన్ని ఐడీ అంటారు. ఆ నంబరు ఒక మాడ్యూల్‌ది కాదు, ఆ సందేశంలోని సంగతిది. ‘ఫలానా ఐడీతో వస్తే అందులో ఇంజిన్ స్పీడు, కూలెంట్ వేడి ఉంటాయి’ అని కారు తయారుచేసినవారు ముందే రాసుకుంటారు. ఇది పూర్వం ఊళ్లో దండోరా వేసినట్టే. డప్పు కొట్టేవాడు ఎవరి గుమ్మమూ తట్టడు, సంగతి చెప్పి సాగిపోతాడు, ఎవరికి పని ఉంటే వారు వింటారు. ఇంజిన్ ఈసీయూ వేడి ఎంతో చెబితే మీటర్ కన్సోల్ వింటుంది, ఏసీ మాడ్యూల్ వింటుంది, తలుపుల మాడ్యూల్ తనకు పనిలేదని వదిలేస్తుంది.

మీలాంటివారు కొత్తగా ఒక గేజ్ కలపగలగడానికి కారణం ఇదే. ఈసీయూకి మీ గేజ్ గురించి చెప్పనక్కర్లేదు, దాని ప్రోగ్రాంలో ఒక్క అక్షరం మార్చనక్కర్లేదు.

ఒక్కో సందేశాన్ని ఫ్రేమ్ అంటారు. అందులో ఐడీ, సమాచారం ఎన్ని బైట్లో చెప్పే అంకె, గరిష్ఠంగా 8 బైట్ల సమాచారం, మధ్యలో ఏదైనా చెడిందేమో సరిచూసే 15 బిట్ల సీఆర్‌సీ లెక్క, చివర రసీదు కోసం ఒక ఖాళీ బిట్ ఉంటాయి. 8 బైట్లంటే చాలా తక్కువే. కానీ కూలెంట్ వేడికి ఒక్క బైట్ సరిపోతుంది, ఇంజిన్ స్పీడుకు రెండు చాలు. ఫ్రేమ్ పొట్టిగా ఉంటే లైన్ త్వరగా ఖాళీ అవుతుంది. సెకనుకు 5 లక్షల బిట్లు పోయే లైన్ మీద నిండు ఫ్రేమ్ ఒకటి సుమారు పావు మిల్లీసెకనులో అయిపోతుంది.

రెండున్నర వోల్టుల చుట్టూ

లైన్ అంటే మెలిపెట్టిన రెండు వైర్లు. ఒకటి క్యాన్-హై, రెండోది క్యాన్-లో. ఎవరూ మాట్లాడనప్పుడు రెండూ దాదాపు 2.5 వోల్టుల దగ్గర ఉంటాయి. వాటి మధ్య తేడా సున్నా. దీన్ని ‘1’ బిట్‌గా లెక్కిస్తారు. ఏ మాడ్యూల్ అయినా ‘0’ పంపాలంటే హై వైరును 3.5 వోల్టుల దాకా పైకి లాగుతుంది, లో వైరును 1.5 వోల్టులకు కిందికి లాగుతుంది. తేడా 2 వోల్టులు. వినేవారు చూసేది ఆ తేడానే. స్పార్క్ ప్లగ్గుల నుంచో, ఆల్టర్నేటర్ నుంచో కరెంటు రొద వచ్చి పడితే అది మెలితిరిగిన రెండు వైర్ల మీదా ఒకేలా పడుతుంది కాబట్టి తేడా చెక్కుచెదరదు.

ఇందులో ఒక అసమానత ఉంది. ‘1’ అంటే వైర్లను వాటి మానాన వదిలేయడం, ‘0’ అంటే పట్టి లాగడం. పదిమంది వదిలేసి ఒక్కరు లాగినా లైన్ మీద కనిపించేది ‘0’. క్యాన్‌లోని తెలివంతా ఈ ఒక్క అసమానత మీదే నిలబడింది.

లైన్ రెండు చివర్లా 120 ఓమ్‌ల రెసిస్టర్లు ఉంటాయి. ఇవి లేకపోతే సిగ్నల్ చివరిదాకా వెళ్లి వెనక్కి తన్నుకొచ్చి, వెనకాల వచ్చే బిట్‌ను చెడగొడుతుంది. రెండు 120 ఓమ్‌లు పక్కపక్కన కలిస్తే 60. అందుకే క్యాన్ పనిలో మొదటి పరీక్ష మల్టీమీటరుతో చేసేదే. బ్యాటరీ నెగటివ్ తీసేసి, స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల ఓబీడీ సాకెట్‌లో 6వ పిన్నుకూ 14వ పిన్నుకూ మధ్య ఓమ్‌లు కొలవండి. 6 హై, 14 లో. చాలా కార్లలో 60కి దగ్గరగా వస్తుంది. 120 వస్తే ఒక చివర తెగిందని అనుమానించాలి. ఆ రెండు పిన్నులూ అసలు లేకపోతే మీది క్యాన్ రాకముందు పద్ధతిలో స్కానర్‌తో మాట్లాడే పాత బండి కావచ్చు. అప్పుడు ఈ వ్యాసంలోని గేజ్ దానికి పనికిరాదు.

మన చేతికొచ్చే చవక క్యాన్ మాడ్యూళ్లలో చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఎంసీపీ2515 చిప్ ఉన్న నీలం బోర్డుల మీద కూడా ఒక 120 ఓమ్‌ల రెసిస్టర్, దాన్ని కలిపే ఒక జంపర్ ఉంటాయి. జంపర్ తీయకుండా కారుకు కలిపితే లైన్ మీద మూడో రెసిస్టర్ చేరి 60 ఓమ్‌లు 40కి పడిపోతాయి. కొన్ని బండ్లు దానికీ ఓర్చుకుంటాయి, కొన్నింట్లో ఎప్పుడో ఒకప్పుడు సందేశాలు తప్పుతాయి. బోర్డు తగిలించి కొలిచినప్పుడు 40 కనిపిస్తే జంపర్ మరిచిపోయారని అర్థం.

ఇద్దరూ ఒకేసారి మొదలుపెడితే

ఈ లైన్‌కు పెద్ద అంటూ ఎవరూ లేరు. ఎవరి వంతు ఎప్పుడో చెప్పేవారు లేరు. లైన్ ఖాళీగా ఉందనిపిస్తే ఎవరైనా మొదలుపెట్టొచ్చు. మరి ఇద్దరు ఒకే క్షణంలో మొదలుపెడితే?

ఒక మాడ్యూల్ 0F0 ఐడీతో, ఇంకొకటి 0E8 ఐడీతో ఒకేసారి పంపడం మొదలుపెట్టాయనుకుందాం. ఐడీలో 11 బిట్లు ఉంటాయి. వాటిని విడగొట్టి రాస్తే ఇలా ఉంటాయి:

```
0F0 :  0 0 0 1 1 1 1 0 0 0 0
0E8 :  0 0 0 1 1 1 0 1 0 0 0
```

మొదటి ఆరు బిట్లూ ఒకటే కాబట్టి గొడవ లేదు. తనతోపాటు ఇంకొకరు మాట్లాడుతున్నారని ఇద్దరికీ తెలియను కూడా తెలియదు. ఏడో బిట్ దగ్గర మొదటిది ‘1’ పంపాలని వైర్లను వదిలేస్తుంది, రెండోది ‘0’ కోసం లాగుతుంది. లైన్ మీద ‘0’ కనిపిస్తుంది. పంపుతూనే లైన్‌ను చదువుకోవడం ప్రతి మాడ్యూల్‌కూ నియమం. తాను వదిలినచోట ‘0’ కనిపించగానే 0F0 పంపేదానికి విషయం తెలిసిపోయి, ఆ క్షణమే నోరు మూసుకుంటుంది. రెండోది ఏమీ జరగనట్టే తన ఫ్రేమ్ పూర్తిచేస్తుంది. ఒక్క బిట్ కూడా వృథా కాలేదు, ఏ సందేశమూ చెడలేదు. ఓడినది లైన్ ఖాళీ కాగానే మళ్లీ ప్రయత్నిస్తుంది.

కాబట్టి ఐడీ ఎంత చిన్నదైతే అంత ముందు వరస. జాగు సహించని సందేశాలకు చిన్న నంబర్లు, తీరిగ్గా వచ్చినా పర్వాలేనివాటికి పెద్ద నంబర్లు ఇస్తారు. 11 బిట్లలో అన్నిటికన్నా పెద్ద ఐడీ 7FF. స్కానర్ల ప్రశ్నలకు కేటాయించిన ఐడీ 7DF, అంటే దాదాపు వరస చివర. మీ గేజ్ వేసే ప్రశ్న బ్రేకుల సందేశంతో ఒకేసారి మొదలైనా ప్రతిసారీ ఓడిపోయి తప్పుకునేది మీ ప్రశ్నే. అలా ఉండేలాగే ఆ నంబరును ఎంచారు.

తప్పు పట్టే హక్కు అందరిదీ

ఇంతవరకూ బాగుంది. ప్రమాదం ఎక్కడంటే తప్పులు పట్టే పద్ధతిలో.

క్యాన్‌లో ఒకే రకం బిట్లు ఐదు వరసగా వస్తే పంపేవారు ఆరోదిగా ఒక తిరగేసిన బిట్ కలపాలి. వినేవారు దాన్ని తీసేసి చదువుకుంటారు. అందరి గడియారాలూ ఒకే అడుగు మీద ఉండడానికి ఈ ఏర్పాటు. దీనివల్ల మామూలు సందేశంలో ఆరు ఒకేరకం బిట్లు వరసగా కనిపించే అవకాశమే లేదు. అలా కనిపించిందంటే ఏదో తేడా వచ్చింది. ఏ మాడ్యూల్‌కు తేడా కనిపించినా అది వెంటనే వరసగా ఆరు ‘0’లు లాగుతుంది. దాంతో నడుస్తున్న ఫ్రేమ్ అందరి దగ్గరా చెడిపోతుంది, అందరూ దాన్ని పారేస్తారు, పంపినవారు మళ్లీ పంపుతారు. ఒకరికి సందేహం వస్తే ఎవరూ ఆ సందేశాన్ని నమ్మకూడదన్నది ఇక్కడి నియమం. సగం మాడ్యూళ్లు ఒక అంకె, సగం ఇంకో అంకె పట్టుకుని నడవడం కన్నా అది మేలు.

ఇప్పుడు మీ బోర్డును తప్పు వేగానికి పెట్టారనుకోండి. ఇది ఊహించి చెబుతున్నది కాదు, ఈ పనిలో అందరికన్నా ఎక్కువమంది పడే గుంట ఇదే. ఎంసీపీ2515 మాడ్యూళ్లలో చాలావాటి మీద 8 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఉంటుంది. ఎక్కడినుంచో తెచ్చుకున్న ప్రోగ్రాం 16 మెగాహెర్ట్జ్ అనుకుని రాసి ఉంటుంది. మీరు 500 కేబీపీఎస్ అని రాశారు, చిప్ మాత్రం అందులో సగం వేగంతో, 250తో నడుస్తుంది. దానికి కారు సందేశాలేవీ అర్థం కావు, అన్నీ తప్పుగానే కనిపిస్తాయి. నియమం ప్రకారం ప్రతిదాన్నీ చెడగొడుతుంది. మీరు ఒక్క బైట్ కూడా పంపలేదు, వింటున్నారంతే. అయినా కారులో ఏబీఎస్ దీపం, స్టీరింగ్ దీపం, చెక్ ఇంజిన్ దీపం వరసగా వెలుగుతాయి.

దీనికి విరుగుడు కూడా క్యాన్‌లోనే ఉంది. ప్రతి మాడ్యూల్ తన తప్పులు తానే లెక్కపెట్టుకుంటుంది. పంపడంలో తప్పు జరిగితే లెక్క 8 పెరుగుతుంది, సరిగ్గా వెళితే 1 తగ్గుతుంది. లెక్క 127 దాటితే ఇతరుల ఫ్రేమ్‌లను చెడగొట్టే హక్కు పోతుంది. 255 దాటితే అది లైన్ నుంచే తప్పుకుంటుంది. దీన్ని బస్-ఆఫ్ అంటారు. వినడంలో వచ్చే తప్పులకు వేరే లెక్క ఉంటుంది. అది కూడా 127 దాటితే నోరు కట్టేస్తుంది. అంటే చెడ్డ బోర్డు చివరికి లొంగుతుంది. కానీ ఆలోగా జరిగిన రభసను మిగతా మాడ్యూళ్లు ఫాల్ట్ కోడ్‌లుగా రాసుకుని పెట్టుకుంటాయి.

దీన్నుంచి తప్పించుకునే పద్ధతి చిప్‌లోనే ఉంది. దాన్ని లిజన్-ఓన్లీ మోడ్ అంటారు. అందులో బోర్డు వైర్లను అసలు లాగదు. తప్పు పట్టదు, రసీదు ఇవ్వదు, చదువుతుంది, అంతే. కారుకు మొదటిసారి కలిపేటప్పుడు ఎప్పుడూ ఈ మోడ్‌లోనే కలపండి. కోరీ ఫౌలర్ రాసిన `mcp_can` లైబ్రరీలో ఆ రెండు వరసలు ఇవి:

```cpp
CAN0.begin(MCP_ANY, CAN_500KBPS, MCP_8MHZ);
CAN0.setMode(MCP_LISTENONLY);
```

చివరి మాట మీ మాడ్యూల్ మీద ఉన్న క్రిస్టల్‌ను బట్టి ఉండాలి. వెండిరంగు డబ్బా మీద 8.000 అని చెక్కి ఉంటుంది, చూసి రాయండి. ఐడీలు శుభ్రంగా వరస కడితే వేగం సరిపోయినట్టే. బొత్తిగా ఏమీ రాకపోతే వేగం తప్పు కావచ్చు, హై-లో వైర్లు తారుమారు కావచ్చు, లేదా ఆ సాకెట్ మీద కారు తనంతట తాను ఏమీ పంపకపోవచ్చు. ఈ మూడోదాని గురించి కాస్త చెప్పుకోవాలి.

అడగాలా, వినాలా

కూలెంట్ వేడి తెలుసుకోవడానికి రెండు దారులు. మొదటిది, మాడ్యూళ్లు తమలో తాము చెప్పుకునేదాన్ని చెవి ఒగ్గి వినడం. కష్టమేమిటంటే ఏ ఐడీలో ఎన్నో బైట్ కూలెంట్‌దో కంపెనీ బయటపెట్టదు, మోడల్‌కో రకంగా ఉంటుంది. మీరే కనిపెట్టాలి. పైగా చాలా కొత్త కార్లలో ఓబీడీ సాకెట్‌కూ లోపలి లైన్లకూ మధ్య గేట్‌వే అనే మాడ్యూల్ కూర్చుని ఉంటుంది. అది లోపలి ముచ్చట్లను సాకెట్ దాకా రానివ్వదు, అడిగిన ప్రశ్నలకు జవాబులు మాత్రం తెచ్చిస్తుంది.

రెండో దారి అడగడం. పొగ కాలుష్యం తనిఖీ కోసం అన్ని కంపెనీలూ ఒకే రకంగా జవాబివ్వాల్సిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. 2008 మోడల్ నుంచి అమెరికాలో అమ్మే కార్లన్నీ ఈ ప్రశ్నలకు క్యాన్ మీదే జవాబివ్వాలని అక్కడి నిబంధన. ఆ పద్ధతే మన దగ్గరి కార్లలోనూ కనిపిస్తుంది. కూలెంట్ వేడి ఆ ప్రశ్నల్లో ఒకటి కాబట్టి గేజ్‌కు ఇదే సులువైన దారి. ప్రశ్న, జవాబు ఇలా ఉంటాయి:

```
7DF   02 01 05 00 00 00 00 00
7E8   03 41 05 7B 00 00 00 00
```

మొదటి వరస మనది. 02 అంటే దాని వెనక పనికొచ్చే బైట్లు రెండు అని. 01 అంటే ‘ప్రస్తుత విలువ చెప్పు’. 05 అంటే కూలెంట్ వేడి. మిగిలినవి ఖాళీ పూరించడానికి. రెండో వరస ఇంజిన్ ఈసీయూది. పనికొచ్చే బైట్లు మూడు అంటోంది. 41 అంటే 01కి 40 కలిపి ‘నీ 01 ప్రశ్నకు ఇది జవాబు’ అని చెప్పడం. 05 ఏ ప్రశ్నో గుర్తుచేస్తోంది. అసలు అంకె 7B. మామూలు లెక్కలో అది 123. అందులోంచి 40 తీసేస్తే 83 డిగ్రీల సెల్సియస్. 40 ఎందుకు తీయాలంటే ఒక బైట్‌లో 0 నుంచి 255 దాకానే రాయగలం, మైనస్ అంకెలు పట్టవు. అందుకని కొలబద్దనే కిందికి జరిపి మైనస్ 40 నుంచి మొదలుపెట్టారు. చలిదేశాల కార్లకు అది అవసరం.

కొన్ని కంపెనీలు 11 బిట్ల ఐడీ బదులు 29 బిట్ల ఐడీ వాడతాయి. 7DFకి జవాబు రాకపోతే 18DB33F1 ఐడీతో అదే ప్రశ్న అడిగి చూడాలి. ఇంజిన్ జవాబు సాధారణంగా 18DAF110 ఐడీతో వస్తుంది.

గేజ్ ప్రోగ్రాంలో గుండెకాయ ఇది:

```cpp
void loop() {
  if (millis() - lastAsk >= 1000) {
    lastAsk = millis();
    if (millis() - lastOk > 3000) showDashes();
    else showTemp(tempC);
    CAN0.sendMsgBuf(0x7DF, 0, 8, ask);
  }
  while (CAN0.checkReceive() == CAN_MSGAVAIL) {
    CAN0.readMsgBuf(&id, &len, d);
    if (id == 0x7E8 && d[1] == 0x41 && d[2] == 0x05) {
      tempC = d[3] - 40;
      lastOk = millis();
    }
  }
}
```

ఇందులో మూడు సంగతులు గమనించాలి. సెకనుకు ఒక్కసారే అడుగుతున్నాం. లీటర్ల కొద్దీ కూలెంట్ వేడి అంతకన్నా తొందరగా మారదు. ప్రశ్న, జవాబు కలిపి అర మిల్లీసెకను. సెకనులో అది ఏ మూలకూ కనిపించదు.

రెండోది, డిస్‌ప్లే మీద రాయడం పూర్తయ్యాకే ప్రశ్న పంపుతున్నాం. ఎంసీపీ2515లో వచ్చిన సందేశాలు నిలవ ఉండే అరలు రెండే. బోర్డు డిస్‌ప్లే గీస్తూ ఉండగా అవి నిండిపోతే జవాబు వచ్చీ పోతుంది. మీ కారు సాకెట్ మీద వేరే సందేశాలు కూడా జోరుగా పోతుంటే, 7E8 తప్ప మిగతావాటిని చిప్ దగ్గరే ఆపే ఫిల్టర్ పెట్టుకోవాలి. ఆ సౌకర్యం చిప్‌లో ఉంది.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. మూడు సెకన్లు జవాబు రాకపోతే అంకె తీసేసి గీతలు చూపిస్తున్నాం. క్యాన్‌లో రసీదు బిట్‌కు అర్థం ‘లైన్ మీద ఎవరో ఒకరికి సరిగ్గా అందింది’ అని మాత్రమే. ఈసీయూకే అందిందని కాదు, అది జవాబిస్తుందనీ కాదు. వైరు వదులై జవాబులు ఆగిపోతే, పాత 88 తెరమీద అలాగే నిలిచిపోతే, ఇంజిన్ 115కి చేరినా డ్రైవరు 88 చూసుకుంటూ ధీమాగా పోతాడు. అలాంటి గేజ్ ఉండడం కన్నా లేకపోవడం నయం.

ముందు బల్ల మీద, తర్వాత బండిలో

కారు జోలికి పోకముందు ఇంట్లో బల్ల మీద రెండు బోర్డులతో నడిపి చూడండి. ఒకటి గేజ్, రెండోది ఈసీయూలా నటించేది. 7DF రాగానే పైన రాసిన జవాబు పంపేలా దానికి నాలుగు వరసల ప్రోగ్రాం చాలు. ఇక్కడ మాత్రం రెండు మాడ్యూళ్ల మీదా జంపర్లు ఉంచాలి, అప్పుడే 60 ఓమ్‌లు వస్తాయి. ఒక్క బోర్డుతోనే పరీక్షిద్దామంటే కుదరదు. రసీదు ఇచ్చేవారు లేక అది అదే ఫ్రేమ్‌ను పంపుతూనే ఉంటుంది. చాలామంది మాడ్యూల్ పాడైందని పారేసేది ఇక్కడే. జవాబిచ్చే బోర్డు నుంచి 7B బదులు 93 పంపి గేజ్ మీద 107 పడుతుందో లేదో చూడండి. మధ్యలో వైరు పీకి, నాలుగు సెకన్లలో గీతలు వస్తున్నాయో లేదో చూడండి.

బండిలో కలిపేటప్పుడు కరెంటు ఎక్కడినుంచి తీసుకోవాలన్నది తేల్చుకోవాలి. ఓబీడీ సాకెట్ 16వ పిన్నులో బ్యాటరీ కరెంటు తాళం తీసినా ఉంటుంది. గేజ్ 50 మిల్లీఆంపియర్లే తాగినా రోజుకు 1.2 ఆంపియర్-అవర్లు. బండిని రెండు వారాలు ఇంట్లో వదిలి ఊరెళితే దాదాపు 17. చిన్న కారు బ్యాటరీ 35 ఆంపియర్-అవర్లే కాబట్టి తిరిగొచ్చేసరికి స్టార్టర్ మూలగవచ్చు. పైగా ప్రశ్నలు పడుతుంటే కొన్ని బండ్లలో మాడ్యూళ్లు నిద్రపోవు, అవీ కరెంటు తాగుతాయి. తాళం తిప్పినప్పుడే వచ్చే లైన్ నుంచి ఒక ఆంపియర్ ఫ్యూజు పెట్టి తీసుకోవడం సరైన పద్ధతి. ఇంజిన్ నడుస్తున్నప్పుడు అక్కడ 14 వోల్టులకు పైగా ఉంటాయి కాబట్టి, కార్ల కోసం చేసిన 5 వోల్టుల కన్వర్టరు ద్వారానే బోర్డుకు ఇవ్వాలి. క్యాన్ వైర్లు పొట్టిగా, మెలిపెట్టి ఉండాలి. మాడ్యూల్ మీద జంపర్ తీసేయాలి.

అన్నీ కలిపాక మొదట లిజన్-ఓన్లీ మోడ్‌లో తాళం వేసి, డ్యాష్‌బోర్డులో కొత్త దీపమేదీ వెలగడం లేదని చూసుకోండి. ఆ తర్వాతే మామూలు మోడ్‌కు మార్చి ప్రశ్న పంపండి. రాత్రంతా నిలిపిన బండిలో పొద్దున్నే తాళం తిప్పి చూస్తే గేజ్ మీద బయటి గాలి వేడికి దగ్గరి అంకె పడాలి. 30 డిగ్రీల పొద్దున 70 కనిపిస్తే 40 తీయడం మరిచారన్నమాట. ఇంజిన్ నడుస్తుంటే అంకె మెల్లగా ఎక్కి, థర్మోస్టాట్ తెరుచుకున్నాక 80ల్లోనో 90ల్లోనో నిలవాలి. బండిని ఆపినచోటే నడుపుతూ ఉంటే ఇంకాస్త ఎక్కి, రేడియేటర్ ఫ్యాన్ తిరగగానే కొన్ని డిగ్రీలు దిగాలి. ఫ్యాన్ ఏ అంకె దగ్గర తిరిగిందో, ఏ అంకె దగ్గర ఆగిందో రాసిపెట్టుకోండి. మీ బండికి ‘మామూలు’ అంటే ఏమిటో చెప్పేది ఆ రెండు అంకెలే.

అంకెను ఎంతవరకు నమ్మాలి

గేజ్ చూపేది ఇంజిన్ వేడి కాదు, సెన్సర్ గురించి ఈసీయూ అనుకుంటున్నది. పైపు పగిలి కూలెంట్ కారిపోతే సెన్సర్ చుట్టూ ద్రవం ఉండదు, గాలో ఆవిరో ఉంటుంది. అప్పుడు ఇంజిన్ కాలిపోతున్నా అంకె నెమ్మదిగా ఉండొచ్చు, ఒక్కోసారి తగ్గొచ్చు కూడా. సెన్సర్ వైరు తెగిపోతే చాలా ఈసీయూలు దాని స్థానంలో తమకు తోచిన విలువ పెట్టుకుని పనిచేస్తాయి. కాబట్టి ఎక్కిన అంకెను వెంటనే నమ్మండి. ఉన్నట్టుండి పడిపోయిన అంకెను, ఎంత దూరం పోయినా ఒక్క డిగ్రీ కూడా కదలని అంకెను నమ్మకండి. ఎర్ర దీపానికీ గేజ్‌కూ మాట కుదరనప్పుడు దీపం మాటే వినాలి.

సర్వీసింగ్‌కు ఇచ్చే ముందు గేజ్‌ను సాకెట్ నుంచి తీసేయండి. వర్క్‌షాప్ స్కానర్ ఒకవైపు, మీ గేజ్ ఒకవైపు ప్రశ్నలు వేస్తుంటే జవాబులు కలగలిసి మెకానిక్ లేని జబ్బు వెతుక్కుంటాడు.

ఇక చివరి మాట. 7DF మీద 01 ప్రశ్న అడిగి జవాబు చదువుకోవడం వరకే గేజ్ పని. విన్న ఐడీలను తిరిగి పంపి చూద్దామన్న సరదా చాలామందికి పుడుతుంది. క్యాన్‌లో పంపినవారి పేరు ఉండదు కాబట్టి మీ బోర్డు పంపిన తప్పుడు ఇంజిన్ సందేశాన్ని మిగతా మాడ్యూళ్లు అసలు ఈసీయూ మాటగానే తీసుకునే ప్రమాదం ఉంది. ఆ సరదా బల్ల మీది బోర్డులతోనే తీర్చుకోండి, రోడ్డు మీది బండితో వద్దు.